యూఎస్‌బీ మైకా, ఎక్స్‌ఎల్‌ఆర్ మైకా? ఆడియో ఇంటర్‌ఫేస్ ఎప్పుడు అవసరమవుతుంది?

పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే: యూఎస్‌బీ మైక్ తీసుకోవాలా, ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ తీసుకోవాలా? చాలామంది రెంటిలో ఏది బాగా వినిపిస్తుందో చూసి తేల్చుకోవాలనుకుంటారు. నేనైతే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. ఒకే గదిలో, ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడేవాళ్లు ఎందరు? ఒక్కరే అయితే యూఎస్‌బీ మైక్‌తో ఏళ్ల తరబడి హాయిగా నడిపించవచ్చు. ఇద్దరైతే లెక్క మారిపోతుంది. ఎందుకు మారుతుందో, అప్పుడు ఏం కొనాలో, కొన్నవాటిని ఎలా కలపాలో, ఏదైనా తేడా వస్తే ఎలా పట్టుకోవాలో వరసగా చెప్తాను.

మైక్ లోపల ఏముంది, బయట ఏముంది

మీరు మాట్లాడినప్పుడు గాలిలో పుట్టే ఒత్తిడి మైక్ లోపలున్న డయాఫ్రమ్ అనే పల్చటి పొరను కదిలిస్తుంది. ఆ కదలిక వల్ల చాలా చిన్న వోల్టేజీ పుడుతుంది. అంత చిన్న వోల్టేజీతో కంప్యూటర్‌కు పనిలేదు. ముందు ప్రీయాంప్ అనే సర్క్యూట్ దాన్ని ఎన్నో రెట్లు పెంచాలి. ఆ తర్వాత కన్వర్టర్ దాన్ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా రాయాలి. ఆ అంకెలే యూఎస్‌బీ కేబుల్‌లో కంప్యూటర్‌కు వెళ్తాయి.

యూఎస్‌బీ మైక్‌లో ఈ పనులన్నీ మైక్ ఒంట్లోనే జరిగిపోతాయి. డయాఫ్రమ్, ప్రీయాంప్, కన్వర్టర్, చాలా మోడళ్లలో హెడ్‌ఫోన్ సాకెట్ కూడా అందులోనే ఉంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ చేసేది మొదటి పని ఒక్కటే. అది ఆ చిన్న వోల్టేజీని మూడు పిన్నుల కేబుల్‌లో బయటికి పంపి ఊరుకుంటుంది. మిగతా పనులు చేసే పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటాం.

అందుకే "ఎక్స్‌ఎల్‌ఆర్ అంటేనే క్వాలిటీ" అన్న మాట నేను ఒప్పుకోను. శాంసన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ లాంటి మైకులకు అడుగున యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండూ ఉంటాయి. డయాఫ్రమ్ ఒకటే. గొంతు ఒక్కరిదే, మైక్ నోటికి దగ్గరగానే ఉంది అనుకోండి. ఏ దారిన రికార్డ్ చేసినా గొంతు స్వభావంలో తేడా కనిపెట్టడం చాలా కష్టం. ఎక్స్‌ఎల్‌ఆర్ దారిలో వచ్చే లాభం వేరే చోట ఉంది.

ఒక్కరే మాట్లాడేటట్టయితే

ఈ భాగం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ పెద్ద చిక్కేమీ లేదు. మైక్ మీదే గెయిన్ తిప్పే, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు మార్చే వీలు, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న డైనమిక్ యూఎస్‌బీ మైక్ ఒకటి తీసుకోండి. కండెన్సర్ రకం మైక్ సున్నితంగా ఉంటుంది. ఖాళీ గోడలున్న మామూలు గదిలో మాట్లాడితే గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని, ఫ్యాన్ చప్పుడు అందులో స్పష్టంగా వినబడతాయి. డైనమిక్ మైకులు ఎక్కువగా నోటికి బాగా దగ్గరగా పెట్టి మాట్లాడటానికి తయారైనవి. ఆ దగ్గరతనం వల్లే గది చప్పుడు వెనక్కి పోతుంది. నోటికి, మైక్‌కి మధ్య 5 నుంచి 10 సెంటీమీటర్లు ఉంచి, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కనుంచి పెట్టండి. అలా పెడితే "ప", "బ" పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ మైక్‌కి తగలదు. 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఖరీదైన మైక్ కన్నా 7 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన మామూలు మైకే బాగా వినిపిస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది చప్పుడు మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది.

రెండు యూఎస్‌బీ మైకులు పెడితే ఎక్కడ తేడా కొడుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇన్నాళ్లూ ఒక్కరే మాట్లాడారు, ఇప్పుడు ఇంకొకరు తోడయ్యారు. అదే మోడల్ యూఎస్‌బీ మైక్ ఇంకోటి కొని రెండో పోర్టులో పెడితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టి చూస్తే మొదటి చిక్కు వెంటనే ఎదురవుతుంది. ఆడాసిటీ లాంటి రికార్డింగ్ ప్రోగ్రాములు ఒకసారికి ఒక్క పరికరం నుంచే రికార్డ్ చేస్తాయి. రెండు మైకులు ఆ ప్రోగ్రాముకు రెండు వేర్వేరు పరికరాలు. రెండూ ఒకే మోడల్ అయితే జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపించి, ఏది ఎవరిదో తెలియని తికమక అదనం.

రెండో చిక్కు వెంటనే బయటపడదు, అందుకే అది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సెకనుకు 48,000 సార్లు కొలవాలంటే మైక్ లోపల ఒక గడియారం ఉండాలి కదా. క్లాక్ అని పిలిచే ఆ గడియారం ఒక చిన్న క్రిస్టల్ మీద నడుస్తుంది. ఏ రెండు క్రిస్టళ్లూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. మామూలు క్రిస్టళ్లలో పది లక్షలకు కొన్ని పదుల వంతు తేడా ఉండటం సహజం. వినడానికి అదేమంత లెక్కలోకి రాదనిపిస్తుంది, కానీ ఒకసారి గుణించి చూడండి. రెండు క్లాకుల మధ్య తేడా పది లక్షలకు 50 వంతులు అనుకుందాం. గంట అంటే 3,600 సెకన్లు. గంట రికార్డింగ్ చివరికొచ్చేసరికి రెండు ట్రాకుల మధ్య 0.18 సెకను తేడా వస్తుంది.

అందులో ఐదో వంతు తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. ఎందుకంటే ఒకే గదిలో కూర్చున్నప్పుడు మీ గొంతు అతిథి మైక్‌లోకి కూడా కొంత వెళ్తుంది. మొదట్లో ఆ రెండూ కలిసిపోయినట్టే ఉంటాయి. కొన్ని నిమిషాలు గడిచేసరికి గొంతు బోలుగా, డబ్బాలో మాట్లాడినట్టు మారుతుంది. గంట చివర్లో ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. ఎడిటింగ్‌లో ట్రాకుల మొదళ్లు ఎంత జాగ్రత్తగా కలిపినా ఇది పోదు. రెండో ట్రాక్ ముందుకో వెనక్కో జరగడమొక్కటే కాదు, దాని పొడవే వేరుగా ఉంటుంది.

ఇదే మీ ఇబ్బందో కాదో తేల్చుకోవడం తేలిక. రికార్డింగ్ మొదట్లో ఒకసారి, ముగించే ముందు ఇంకోసారి రెండు మైకుల మధ్యలో గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటర్‌లో మొదటి చప్పట్ల దగ్గర రెండు ట్రాకులనూ సరిగ్గా కలిపి, చివరి చప్పట్ల దగ్గరికి వెళ్లి జూమ్ చేసి చూడండి. రెండు ట్రాకుల్లో చప్పట్ల శిఖరాలు ఒకే గీత మీద ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పక్కకు జరిగి ఉంటే అది క్లాకుల తేడాయే.

ఇప్పటికే అలా రికార్డ్ చేసి చిక్కుకున్నవాళ్లకు దారి ఉంది. రెండు చప్పట్ల మధ్య నిడివి మీ ట్రాక్‌లో 3600.00 సెకన్లు, అతిథి ట్రాక్‌లో 3600.18 సెకన్లు ఉందనుకోండి. అతిథి ట్రాక్‌లో ఆ రెండు చప్పట్ల మధ్య ఉన్న భాగమంతా ఎంచుకుని, వేగం మార్చే ఎఫెక్ట్‌తో దాని నిడివిని 3600.00కి దింపండి. మార్పు నూటికి 0.005 మాత్రమే, గొంతు మారినట్టు ఎవరికీ తెలియదు. మ్యాక్ వాడేవాళ్లకు ఇంకో వీలుంది. `Audio MIDI Setup` తెరిచి `Aggregate Device` తయారుచేసి, రెండు మైకులనూ అందులో చేర్చి, ఒకదాన్ని క్లాక్‌గా ఎంచుకుని రెండోదాని పక్కన `Drift Correction` టిక్ పెడితే, సిస్టమ్ ఆ తేడాను ఎప్పటికప్పుడు సరిచేస్తూ పోతుంది. ఒకటి రెండు ఎపిసోడ్లకు ఇది పనికొస్తుంది. వారం వారం ఇద్దరు కూర్చుని మాట్లాడే కార్యక్రమాన్ని మాత్రం దీని మీద నిలబెట్టమని నేను చెప్పను. ఒక కేబుల్ ఊడితే ఆ సెట్టింగ్ మళ్లీ చూసుకోవాలి, అతిథి ఎదురుగా కూర్చున్నప్పుడు అది పెద్ద టెన్షన్.

ఇంటర్‌ఫేస్ వచ్చాక ఏం మారుతుంది

మొదటి మార్పు ఈ క్లాక్ విషయంలోనే. ఇంటర్‌ఫేస్‌కు రెండు ఇన్‌పుట్లున్నా ఎనిమిదున్నా లోపల క్లాక్ ఒక్కటే. రెండు మైకులనూ ఒకే క్షణంలో కొలుస్తుంది కాబట్టి మూడు గంటలు మాట్లాడినా ట్రాకులు విడిపోవు. కంప్యూటర్‌కు కనిపించేది ఒకే పరికరం, దానికి రెండు ఛానెళ్లు. ఇద్దరు కూర్చుని మాట్లాడే పాడ్‌కాస్ట్‌కు ఇంటర్‌ఫేస్ కొనడానికి నా దృష్టిలో ఇదొక్క కారణం చాలు.

రెండోది గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచగలదన్నది. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒక ప్రసిద్ధ మైక్ విషయంలో, కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ష్యూర్ ఎస్ఎం7బి పాడ్‌కాస్ట్ వీడియోల్లో తరచూ కనబడే మైక్. మైక్‌ను చేరే ధ్వని 94 డెసిబెల్స్ ఉన్నప్పుడు అది ఇచ్చేది 1.12 మిల్లీవోల్టు. దగ్గరగా కూర్చుని మామూలుగా మాట్లాడితే ధ్వని అంతకన్నా ఒక 6 డెసిబెల్స్ తక్కువ ఉందనుకుందాం, అప్పుడు వచ్చేది సుమారు అర మిల్లీవోల్టు. దాన్ని అర వోల్టు దాకా పెంచాలంటే వెయ్యి రెట్లు చేయాలి. వెయ్యి రెట్లంటే 60 డెసిబెల్స్ గెయిన్. తయారీదారు కూడా ఆ మైక్‌కు కనీసం 60 డెసిబెల్స్ ఉండాలనే చెప్తారు.

ఇప్పుడు ఇంటర్‌ఫేస్ వైపు చూడండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం ఇవ్వగలిగింది 56 డెసిబెల్స్, నాలుగో తరం 69 ఇస్తుంది. పేరు ఒకటే, పెట్టె చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ మొదటిదానిలో ఈ మైక్ పెడితే గెయిన్ పూర్తిగా తిప్పినా గొంతు మీటర్‌లో కిందే ఉండిపోతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచితే గొంతుతో పాటు సర్రుమనే శబ్దం కూడా పెరుగుతుంది. అందుకే మైక్ ఎంచుకున్నాక ఇంటర్‌ఫేస్ వివరాల్లో "గెయిన్ రేంజ్" అన్న అంకె వెతకండి. డైనమిక్ మైక్ పెట్టాలనుకుంటే 60కి తగ్గకుండా చూసుకోండి. ఉన్న ఇంటర్‌ఫేస్‌లో అంత లేకపోతే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న బూస్టర్‌ను మైక్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్యలో పెట్టుకోవచ్చు, అది 25 డెసిబెల్స్ దాకా కలుపుతుంది. దానికి కరెంటు, ఇంటర్‌ఫేస్ మైక్ కేబుల్‌లోనే పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ నుంచే అందాలి. కండెన్సర్ మైకుల సంగతి వేరు. అవి ఎస్ఎం7బి కన్నా పది రెట్లు, కొన్ని అంతకు మించి ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి కాబట్టి గెయిన్ చిక్కు దాదాపు ఉండదు. కానీ మామూలుగా వాటికి ఆ 48 వోల్టులు లేకపోతే ప్రాణమే ఉండదు.

మూడోది కేబుల్. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగల్లో వెళ్తుంది, రెండో పిన్నులో సూటిగా, మూడో పిన్నులో తిరగేసి. ఒకటో పిన్ను షీల్డ్. దారిలో దూరే కరెంటు రొద రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. అవతలి చివర ఇంటర్‌ఫేస్ ఆ రెంటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రెంటిలోనూ సమానంగా ఉన్న రొద చెల్లిపోతుంది. అలా పదుల మీటర్ల కేబుల్ వేసినా ఫరవాలేదు. యూఎస్‌బీ 2.0 కేబుల్‌ను 5 మీటర్లు దాటించకూడదు. టేబుల్ మీద ఇది పెద్ద విషయం కాదు గానీ, ఫ్యాన్ రొద చేసే కంప్యూటర్‌ను గదికి అవతలి మూలన పెట్టాలనుకుంటే ఉపయోగపడుతుంది.

ఇంటర్‌ఫేస్ ఇవ్వనిదేమిటో కూడా తెలిసుండాలి. గది ప్రతిధ్వనిని అది తగ్గించదు. దూరంగా కూర్చుని మాట్లాడే అలవాటును సరిచేయదు. ఒక్కరే మాట్లాడే కార్యక్రమం గుహలోంచి వచ్చినట్టుంటే, ఇంటర్‌ఫేస్‌కు పెట్టే ఖర్చు మందపాటి కర్టెన్లకూ మైక్ స్టాండ్‌కూ పెట్టడం మేలు.

ఇద్దరికి రెండు మైకులు: కలపడం నుంచి రికార్డింగ్ దాకా

రెండు డైనమిక్ ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు రెండు, స్టాండ్లు రెండు, హెడ్‌ఫోన్లు రెండు ఉన్నాయనుకుందాం. ఇలాంటి ఇంటర్‌ఫేస్‌లకు హెడ్‌ఫోన్ సాకెట్ తరచూ ఒక్కటే ఉంటుంది. కొనేటప్పుడు అది గుర్తుకు రాక, అతిథి వచ్చాక చూసుకునేవాళ్లు ఎక్కువ. హెడ్‌ఫోన్లకు వాడే స్ప్లిటరో, చిన్న హెడ్‌ఫోన్ యాంపో ముందే తెచ్చి పెట్టుకోండి.

మొదట కూర్చునే తీరు చూసుకోండి. ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా కూర్చోవాలి. పాడ్‌కాస్ట్‌కు వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం, అంటే ముందు నుంచి వచ్చే ధ్వనిని బాగా, వెనక నుంచి వచ్చేదాన్ని చాలా తక్కువగా తీసుకుంటాయి. ఎదురెదురుగా కూర్చుంటే మీ మైక్ వీపు అతిథి వైపు ఉంటుంది. దూరం కూడా కలిసొస్తుంది. మీ నోటికి మీ మైక్ 8 సెంటీమీటర్ల దూరంలో, అతిథి మైక్ 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దూరం వల్లే మీ గొంతు అతిథి ట్రాక్‌లో సుమారు 20 డెసిబెల్స్ తగ్గి పడుతుంది. గోడల నుంచి తిరిగొచ్చేది కొంత కలుస్తుంది, అయినా ఎడిటింగ్‌లో ఒకరు దగ్గినప్పుడు ఆ ట్రాక్ మాత్రమే తగ్గించడానికి ఈ తేడా చాలు.

తర్వాత కేబుళ్లు. ఇంటర్‌ఫేస్‌లో రెండు గెయిన్లూ పూర్తిగా తగ్గించి, 48V బటన్ ఆపేసి ఉందో లేదో చూసి, అప్పుడు మైకులు పెట్టండి. డైనమిక్ మైక్‌కు ఫాంటమ్ పవర్ అక్కర్లేదు. సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ మీద పొరపాటున ఆన్ అయినా మామూలు డైనమిక్ మైక్ పాడవదు, కానీ రిబ్బన్ రకం మైకులతో ఆ ప్రమాదం ఉంటుంది కాబట్టి అలవాటు చేసుకోవడం మంచిది. ఇన్‌పుట్‌కు మైక్, లైన్, ఇన్‌స్ట్రుమెంట్ అని ఎంచుకునే వీలుంటే మైక్‌లోనే ఉంచాలి. ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌కు హబ్ లేకుండా నేరుగా కలపండి.

కంప్యూటర్‌లో సిస్టమ్ సెట్టింగ్, రికార్డింగ్ ప్రోగ్రాము, ఇంటర్‌ఫేస్ సొంత సాఫ్ట్‌వేర్ అన్నిట్లోనూ 48,000 హెర్ట్జ్, 24 బిట్ ఒకేలా పెట్టండి. రికార్డింగ్ ప్రోగ్రాములో ఇన్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకున్నాక ఒక పరీక్ష చేయండి. ఒక్కో మైక్ జాలీ మీద వేలి గోరుతో మెల్లగా గీకండి. మీటర్‌లో ఏ ట్రాక్ ఎగిరిందో చూస్తే ఏ మైక్ ఏ ఇన్‌పుట్‌కు వెళ్తోందో తెలిసిపోతుంది. మైకుల మీద గీకినా మీటర్ పెద్దగా కదలక, ల్యాప్‌టాప్ మీద గీకినప్పుడు ఎగిరితే, మీరు ఇంతసేపూ ల్యాప్‌టాప్ సొంత మైక్‌తోనే పరీక్షిస్తున్నట్టు లెక్క. ఇది ఊహించేదానికన్నా ఎక్కువసార్లే జరుగుతుంది.

ట్రాకుల విషయంలో ఒక జాగ్రత్త. రీపర్ లాంటి ప్రోగ్రాముల్లో రెండు మోనో ట్రాకులు తెరిచి, ఒకదానికి ఇన్‌పుట్ 1, రెండోదానికి ఇన్‌పుట్ 2 ఇస్తే సరి. ఆడాసిటీలో రెండు ఛానెళ్లు ఎంచుకుంటే రెండు మైకులూ ఒకే స్టీరియో ట్రాక్‌లో, ఒకటి ఎడమ, ఒకటి కుడి పడతాయి. రికార్డింగ్ అయ్యాక ట్రాక్ మెనూలో `Split Stereo to Mono` నొక్కితే అవి రెండు మోనో ట్రాకులుగా విడిపోతాయి. ఆ పని మరిచిపోయి అలాగే విడుదల చేస్తే, వినేవాళ్ల ఎడమ చెవిలో మీరు, కుడి చెవిలో అతిథి మాట్లాడుతుంటారు. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకు సంభాషణలో సగమే వినిపించవచ్చు.

ఇక గెయిన్. "హలో, మైక్ టెస్టింగ్" అనిపించి గెయిన్ పెట్టకండి, అప్పుడు ఎవరి గొంతూ సహజంగా ఉండదు. అతిథిని ఈమధ్య బాగా నవ్వొచ్చిన సంగతి ఏదైనా చెప్పమనండి. మామూలు మాటల్లో మీటర్ శిఖరాలు మైనస్ 18 నుంచి మైనస్ 12 డెసిబెల్స్ మధ్య ఆడేలా గెయిన్ పెంచండి. పడీపడీ నవ్వినప్పుడు కూడా మైనస్ 6 దాటకుండా చూడండి. 24 బిట్ రికార్డింగ్‌లో కింద బోలెడంత చోటు ఉంటుంది కాబట్టి కాస్త తక్కువగా పడినా తర్వాత పెంచుకోవచ్చు. మీటర్ పైహద్దయిన సున్నాను తాకి చదునైపోయిన నవ్వును మాత్రం పూర్తిగా వెనక్కి తెచ్చుకోలేం. ఇద్దరి గెయిన్లూ ఒకే అంకె మీద ఉండాలన్న నియమమేమీ లేదు. మెల్లగా మాట్లాడేవారికి ఎక్కువ తిప్పాల్సిందే.

చివరగా హెడ్‌ఫోన్లు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఆన్ చేయండి. అప్పుడు మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రాకుండా, పెట్టె లోపలి నుంచే నేరుగా చెవికి వస్తుంది, ఆలస్యం తెలియదు. మోనో, స్టీరియో అని రెండు స్థానాలుంటే మోనోలో పెట్టండి, ఇద్దరి గొంతులూ రెండు చెవుల్లోనూ వినబడతాయి. అన్నీ కుదిరాక ఎవరూ కదలకుండా 10 సెకన్లు మౌనంగా, తర్వాత ఒక నిమిషం మాటలు రికార్డ్ చేసి, అతిథిని కూర్చోబెట్టుకునే మొత్తం వినండి.

ఏదో తేడాగా ఉంది, ఎక్కడుందో ఎలా తెలుస్తుంది

ఆ 10 సెకన్ల మౌనంలో సర్రుమంటూ వినిపిస్తే అది గదిదో ప్రీయాంప్‌దో ముందు తేల్చాలి. గెయిన్ ముట్టుకోకుండా ఫ్యాన్ ఆపి, కంప్యూటర్‌ను దూరం జరిపి మళ్లీ 10 సెకన్లు రికార్డ్ చేయండి. తగ్గితే గది చప్పుడే. ఏమీ మారకపోతే మైక్ నోటికి దూరంగా ఉండి గెయిన్ ఎక్కువ పెట్టాల్సి వచ్చిందేమో చూడండి. దూరం సగం చేస్తే గెయిన్ 6 డెసిబెల్స్ తగ్గించుకోవచ్చు, ఆ సర్రు కూడా అంతే తగ్గుతుంది. బూస్టర్ గురించి ఆలోచించాల్సింది అది చేశాకే.

సర్రు కాకుండా సన్నని "బూమ్" మోత అయితే కరెంటు వైపు చూడాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిపోతే ఛార్జర్ ఎర్త్ దారిలో వచ్చే గొడవ అది. అన్ని పరికరాల ప్లగ్గులూ ఒకే పవర్ స్ట్రిప్‌లోకి మార్చి చూడండి, లేదా రికార్డింగ్ అంతసేపూ బ్యాటరీ మీదే ఉంచండి. ఛార్జర్ తీసినా ఆగకపోతే రెండు మైకుల కేబుళ్లు అటూఇటూ మార్చండి. మోత కేబుల్‌తో పాటు రెండో మైక్‌కు వెళ్లిందంటే ఆ కేబుల్‌లో షీల్డ్ తెగి ఉంటుంది.

హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే రెండుసార్లు వినబడితే కంగారు పడకండి, రికార్డింగ్ బాగానే ఉండి ఉండవచ్చు. డైరెక్ట్ మానిటర్‌తో పాటు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ కూడా ఆన్ అయి ఉన్నప్పుడు ఇలా అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లోది ఆపేయండి. అది ఆపాక బఫర్ సైజును, అంటే కంప్యూటర్ ఒక్క విడతలో తీసుకునే కొలతల సంఖ్యను, 512కో అంతకంటే ఎక్కువకో పెంచుకున్నా మీకు ఆలస్యం తెలియదు. రికార్డింగ్‌లో మధ్యమధ్య టిక్కు టిక్కుమనే చప్పుళ్లు వస్తుంటే అలా పెంచడమే మొదటి మందు.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మీటర్ మైనస్ 10 దగ్గరే ఉంటుంది, గొంతు మాత్రం బద్దలైనట్టు వినిపిస్తుంది. అంటే ప్రీయాంప్‌లోనే సిగ్నల్ పరిమితి దాటింది, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో వాల్యూమ్ తగ్గించి ఉంది. ఎడిటర్‌లో జూమ్ చేస్తే అలల తలలు కత్తిరించినట్టు చదునుగా కనబడతాయి. సాఫ్ట్‌వేర్ వాల్యూమ్‌ను సున్నా డెసిబెల్స్ దగ్గర వదిలేసి, ఇంటర్‌ఫేస్ మీది గెయిన్‌నే తగ్గించాలి.

ఏ వరసలో కొనాలి

ఈరోజు ఒక్కరే మాట్లాడుతున్నారు, కొన్నాళ్లకు ఇంకొకరు చేరతారేమోనని అనుమానం ఉందనుకోండి. అప్పుడు నేను సూచించేది రెండు సాకెట్లూ ఉన్న డైనమిక్ మైక్. క్యూ2యూ, ఏటీఆర్2100ఎక్స్, ష్యూర్ ఎంవీ7 ఈ రకమే. ముందు యూఎస్‌బీలో వాడండి. రెండో మనిషి నిజంగా చేరిన రోజున ఇంటర్‌ఫేస్, రెండో మైక్, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు కొంటే పాత మైక్ మూలన పడదు. రెండో మైక్ కూడా అదే మోడల్ అయితే ఇద్దరి గొంతులకూ ఎడిటింగ్‌లో ఒకే రకం సర్దుబాటు సరిపోతుంది.

ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌పుట్ల సంఖ్య చూసేటప్పుడు మైక్ ప్రీయాంప్‌లు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. పేరులో రెండు ఇన్‌పుట్లని ఉన్నా, కొన్ని చిన్న మోడళ్లలో ఒకటి మాత్రమే మైక్‌కు, రెండోది గిటార్‌కో లైన్ సిగ్నల్‌కో ఉద్దేశించింది. అలాగే మిక్సర్ కొనాలనుకునేవాళ్లు అది కంప్యూటర్‌కు ఒక్కో మైక్‌ను విడిగా పంపుతుందో, అన్నీ కలిపి ఒకే స్టీరియోగా పంపుతుందో తప్పక చూసుకోవాలి. నాలుగు మైకులు పెట్టుకునే వీలుండి యూఎస్‌బీలో రెండే ఛానెళ్లు పంపే మిక్సర్లు చాలానే ఉన్నాయి. వాటితో రికార్డ్ చేశాక ఒకరి దగ్గును ఇంకొకరి మాట నుంచి విడదీయడం దాదాపు కుదరదు.

ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్‌ను నేరుగా కంప్యూటర్ 3.5 మిల్లీమీటర్ల సాకెట్‌లో పెట్టే కేబుళ్లు కూడా దొరుకుతాయి. ఆ సాకెట్ వెనకున్న ప్రీయాంప్ 60 డెసిబెల్స్ పెంచడానికి పెట్టింది కాదు, ఫాంటమ్ పవర్ కూడా ఇవ్వదు. ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న కేబుల్ అయితే అందులోనే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ ఉన్నట్టు. అలాంటివి రెండు కొంటే క్లాకులు కూడా రెండవుతాయి.